రెండు క్లౌడ్‌లు నడపాలా, ఉన్న క్లౌడ్ నుంచి బయటపడే దారి ఉంచుకోవాలా?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో చిన్న కంపెనీ. ఎన్‌బీఎఫ్‌సీలకు లోన్ ఫైళ్లు, వసూళ్లు చూసుకునే సాఫ్ట్‌వేర్ ఇస్తున్నాం. అంతా ఏడబ్ల్యూఎస్ ముంబైలోనే ఉంది: ఫార్గేట్ మీద యాప్, ఆర్‌డీఎస్ పోస్ట్‌గ్రెస్ 600 జీబీ, ఎస్3లో 20 టీబీ స్కాన్ డాక్యుమెంట్లు, ఎస్‌క్యూఎస్, డజను లాంబ్డాలు, 9 వేల మంది ఫీల్డ్ ఏజెంట్ల లాగిన్‌కి కాగ్నిటో. నెల బిల్లు 6 లక్షలు. ఇంజనీర్లం ఆరుగురం. ఈ మధ్య ఒక పెద్ద క్లయింటు ఆడిట్‌లో "మీ క్లౌడ్ ప్రొవైడర్‌తో సమస్య వస్తే మీ ప్లాన్ ఏంటి?" అని అడిగారు. మా బోర్డులో ఒకాయన కుబర్నెటిస్‌కి మారిపోయి గూగుల్ క్లౌడ్‌లో కూడా సగం నడపమంటున్నారు. ఆ దారిలో వెళ్లాలా?
— టెక్ లీడ్, మాదాపూర్

సమాధానం: వెళ్లొద్దు. యాప్‌ని ఏడబ్ల్యూఎస్‌లోనే ఉంచండి. డేటా కాపీ ఒకటి మాత్రం రోజూ గూగుల్ క్లౌడ్‌కి చేరేలా చేయండి. బయటికి వెళ్లాల్సి వస్తే అడ్డం పడే నాలుగైదు చోట్లను ఇప్పుడే సరిచేసుకోండి. మూడు నెలలకోసారి ఆ కాపీతో యాప్‌ని అక్కడ లేపి చూడండి. బోర్డు ముందు ఈ మాట నిలబడాలంటే లెక్క కావాలి కాబట్టి ముందు అది చూద్దాం.

ఒకే ప్రొవైడర్‌కి కట్టుబడిపోవడం, అంటే లాక్-ఇన్, ఉందా లేదా అని వాదించుకుంటే తేలదు. బయటికి వెళ్లడానికి మొత్తం ఎంతవుతుందో, ఆ ఖర్చు తప్పించుకోవడానికి ఏటా ఎంత కడుతున్నామో పక్కపక్కన పెట్టి చూడాలి. మీరు చెప్పిన సెటప్‌ని పూర్తిగా గూగుల్ క్లౌడ్‌కి మార్చడానికి మా అంచనా ఇది. ఫార్గేట్‌లో ఉన్నవి కంటైనర్లే కాబట్టి ఒక మనిషి-నెల చాలు. డేటాబేస్‌కి ఒకటిన్నర, ఎస్3, దాన్ని పిలిచే కోడ్‌కి ఒకటి. ఎస్‌క్యూఎస్, లాంబ్డాలకు మూడు. కాగ్నిటోకి ఒకటిన్నర, ఎన్‌క్రిప్షన్ తాళాలకు ఒకటి. నెట్‌వర్క్, పర్మిషన్లు, టెర్రాఫామ్, డిప్లాయ్‌మెంట్, మానిటరింగ్ అన్నీ కలిపి నాలుగు. చివరి టెస్టింగ్‌కి ఒకటి. మొత్తం 14 మనిషి-నెలలు. మనిషికి నెలకు రెండున్నర లక్షలు వేసుకుంటే 35 లక్షలు. మారే సమయంలో రెండు నెలలు రెండు చోట్లా బిల్లు కట్టాలి కాబట్టి ఇంకో 12 లక్షలు.

చాలామంది భయపడేది డేటా బయటికి తీసే ఛార్జీకి. ముంబై నుంచి ఇంటర్నెట్‌కి పంపే డేటాకి ఏడబ్ల్యూఎస్ లిస్టు ధర మొదటి 10 టీబీకి జీబీకి 0.1093 డాలర్లు, ఆ తర్వాతి 40 టీబీకి 0.085 డాలర్లు. మీ 20 టీబీకి సుమారు 1,990 డాలర్లు పడుతుంది. డాలరు 88 రూపాయలనుకుంటే లక్షా డెబ్బై ఐదు వేలు. పైగా 2024 మార్చి నుంచి, పూర్తిగా వెళ్లిపోయే కస్టమర్లు సపోర్ట్‌ని అడిగితే ఏడబ్ల్యూఎస్ ఈ ఛార్జీ మాఫీ చేస్తోంది. గూగుల్ అంతకు రెండు నెలల ముందే ఇలాంటి మాఫీ ప్రకటించింది. కాబట్టి మిమ్మల్ని కట్టిపడేసేది ఈ ఛార్జీ కాదు. అన్నీ కలిపినా బయటికి వెళ్లే ఖర్చు 50 లక్షల లోపే, అదీ ఒక్కసారే.

ఇప్పుడు రెండు చోట్లా నడిపే లెక్క. రెండో చోట డేటాబేస్ సగం సైజుది పెడితే పనికిరాదు, ఎప్పుడైనా మొత్తం భారం మోయాల్సిందే కాబట్టి అంతే సైజుది కావాలి. 20 టీబీ డాక్యుమెంట్ల కాపీ, సగం కంటైనర్లు, రెండింటి మధ్య నెట్‌వర్క్, లాగులు కలిపి నెలకు తక్కువలో తక్కువ రెండున్నర లక్షలు. అంటే ఏడాదికి 30 లక్షలు. మనుషుల ఖర్చు దానికంటే ఎక్కువ. రెండు పర్మిషన్ సిస్టమ్‌లు, రెండు నెట్‌వర్క్ పద్ధతులు, రెండు రకాల అలర్ట్‌లు ఉంటాయి, అర్ధరాత్రి ఫోన్ ఎత్తేవాడికి రెండూ తెలిసి ఉండాలి. ఏడబ్ల్యూఎస్‌లో సబ్‌నెట్ ఒక జోన్‌కి కట్టుబడి ఉంటుంది. గూగుల్‌లో సబ్‌నెట్ రీజియన్ మొత్తానికి, వీపీసీ ప్రపంచమంతటికీ ఒకటే. ఒకటి బాగా తెలిసినవాడికి రెండోది కూడా వచ్చేస్తుందనుకుంటే ఫైర్‌వాల్ రూల్స్ దగ్గరే దెబ్బ తింటారు. ఆరుగురిలో ఒకటిన్నర మనిషి సమయం ఎప్పుడూ దీనికే పోతుందని వేసుకోండి. అది ఏడాదికి 45 లక్షలు. మొత్తం 75 లక్షలు, ప్రతి ఏడాదీ. ఎప్పుడో ఒకసారి వస్తుందో రాదో తెలియని 50 లక్షల ఖర్చు తప్పించుకోవడానికి ఏటా 75 లక్షల ప్రీమియం కట్టినట్టు. పైగా రెండు చోట్లకూ ఖర్చు చీలిపోతే ఒక్కచోట దొరికే కమిట్‌మెంట్ డిస్కౌంట్ కూడా తగ్గుతుంది.

ఇందులో మా అంచనాలు ఉన్నాయి కాబట్టి మీ అంకెలు మీరు వేసుకోండి. మీ సైజు కంపెనీకి అంకెలు కొంచెం అటూఇటూ అయినా తేడా ఇటే మొగ్గుతుంది.

ఖర్చు సంగతి అలా ఉంచినా, రెండు క్లౌడ్‌ల మీద నడిపితే సిస్టమ్ పడిపోవడం తగ్గుతుందన్న నమ్మకం కూడా అన్నిసార్లూ నిజం కాదు. మీది డబ్బు లెక్కల డేటాబేస్. ఒక్క వసూలు ఎంట్రీ కూడా పోకూడదు. రెండు చోట్లా ఒకే క్షణంలో రాసుకోవాలంటే సింక్రనస్ రెప్లికేషన్ పెట్టాలి. అప్పుడు ప్రతి కమిట్ అవతలి క్లౌడ్ నుంచి జవాబు వచ్చేదాకా ఆగుతుంది. మధ్యలో లింకు తెగిందంటే రెండు డేటాబేస్‌లూ బాగానే ఉన్నా మీ రాతలు ఆగిపోతాయి. ఒక్కో వైపు 99.9 శాతం అందుబాటు ఉందనుకుందాం. పని జరగాలంటే రెండూ లేచి ఉండాల్సిందే అయితే లెక్క 0.999 × 0.999, అంటే 99.8 శాతం. నెలకు 43 నిమిషాల డౌన్‌టైమ్ కాస్తా 86 నిమిషాలవుతుంది. అసింక్రనస్ పెడితే ఈ ఇబ్బంది ఉండదు. కానీ మారే క్షణంలో చివరి కొన్ని సెకన్ల ఎంట్రీలు పోవచ్చు, అసలు ఎప్పుడు మారాలో నిర్ణయించడానికి ఒక మనిషి కావాలి. అది స్టాండ్‌బై అవుతుందే గానీ "సగం అక్కడ" అవదు.

మామూలు అంతరాయాలకు మందు ప్రొవైడర్ లోపలే ఉంది. ఆర్‌డీఎస్ మల్టీ-ఏజెడ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఏడబ్ల్యూఎస్‌కి 2022 నవంబర్ నుంచి హైదరాబాద్‌లోనే రెండో రీజియన్ ఉంది, కన్సోల్‌లో `ap-south-2` అని కనిపిస్తుంది. ముంబై డేటాబేస్‌కి అక్కడో రీడ్ రెప్లికా పెడితే ముంబై రీజియన్ మొత్తం పడిపోయినా దాన్ని ప్రమోట్ చేసుకోవచ్చు. మీ టీమ్‌కి తెలిసిన పనిముట్లే, కొత్తగా నేర్చుకునేది దాదాపు ఏమీ ఉండదు.

మరి రెండో ప్రొవైడర్ అసలెందుకు? రెండు రీజియన్లకూ ఉమ్మడిగా ఉండేవి కొన్ని ఉన్నాయి: అకౌంటు, అడ్మిన్ లాగిన్, బిల్లింగ్, ప్రొవైడర్ సొంత కంట్రోల్ సిస్టమ్‌లు. 2024 మేలో ఆస్ట్రేలియా పెన్షన్ ఫండ్ యూనిసూపర్‌కి జరిగింది ఇదే. గూగుల్ క్లౌడ్‌లో వాళ్ల ప్రైవేట్ క్లౌడ్ ఏర్పాటు చేసేటప్పుడు గూగుల్ వాళ్లు ఒక పారామీటర్ ఖాళీగా వదిలేశారు. దానివల్ల ఏడాది గడువు తీరగానే అది తనంతట తానే డిలీట్ అయిపోయింది. ఆరు లక్షలకు పైగా సభ్యులున్న ఫండ్ సేవలు వారానికి పైగా దెబ్బతిన్నాయి. ఇంకో ప్రొవైడర్ దగ్గర కూడా బ్యాకప్‌లు ఉండటం డేటా నష్టాన్ని తగ్గించిందని రెండు సంస్థలూ కలిసి ప్రకటించాయి. వాళ్లకు అక్కరకొచ్చింది రెండో చోట నడుస్తున్న యాప్ కాదు, అక్కడున్న కాపీ. మీరు కొనుక్కోవాల్సిందీ అదే.

క్లయింటు ఆడిట్ అడిగేది కూడా ఇదే అయి ఉంటుంది. ఆర్‌బీఐ 2023 ఏప్రిల్‌లో ఇచ్చిన ఐటీ అవుట్‌సోర్సింగ్ మాస్టర్ డైరెక్షన్ మధ్య స్థాయి, ఆపై స్థాయి ఎన్‌బీఎఫ్‌సీలకు వర్తిస్తుంది. సేవ ఆగిపోయినా, కాంట్రాక్టు ముగిసినా బయటపడే ప్రణాళిక ఉండాలని అందులో ఉంది. రెండు క్లౌడ్‌ల మీద ఒకేసారి నడపమని లేదు. ఆడిటర్‌కి రాతపూర్వక ప్లాన్, దాన్ని ఆచరించి చూసిన తేదీ, పట్టిన గంటలు చూపించగలిగితే చాలా బలంగా నిలబడతారు.

ఇక చేయాల్సిన పని. ముందు డేటాబేస్ కాపీ, ఎందుకంటే తెలియక జారిపడేది ఇక్కడే. ఆర్‌డీఎస్ రోజూ తీసే స్నాప్‌షాట్ మీ బ్యాకప్ అనుకుంటుంటారు. దాన్ని డౌన్‌లోడ్ చేసుకోలేరు. ఎస్3కి ఎక్స్‌పోర్ట్ చేస్తే పార్కే ఫైళ్లు వస్తాయి, వాటిని ఇంకో పోస్ట్‌గ్రెస్‌లో నేరుగా రిస్టోర్ చేయలేరు. ఆర్‌డీఎస్‌లో `pg_basebackup` కూడా నడవదు. బయటికి తీయాలంటే `pg_dump`, లేదా లాజికల్ రెప్లికేషన్. రోజువారీ కాపీకి డంపే మంచిది.

600 జీబీ డంప్‌ని ప్రొడక్షన్ మీద నేరుగా నడపకండి. అది అయ్యేంతసేపూ ఒకే ట్రాన్సాక్షన్ తెరిచి ఉంటుంది, ఆ గంటల్లో వాక్యూమ్ పాత రోలను తుడవలేదు, టేబుళ్లు ఉబ్బుతాయి. రీడ్ రెప్లికా మీద నడిపితే మధ్యలో `canceling statement due to conflict with recovery` అని ఆగిపోవచ్చు. మేం చెప్పే పద్ధతి ఇది: రోజూ రాత్రి తాజా స్నాప్‌షాట్ నుంచి తాత్కాలిక ఇన్‌స్టాన్స్ ఒకటి లేపండి, దాని మీద డంప్ తీయండి, దాన్ని తీసేయండి. స్నాప్‌షాట్ పనిచేస్తోందని రోజూ రుజువవుతుంది, అది అదనపు లాభం. కొత్తగా లేపిన ఇన్‌స్టాన్స్ బ్లాకులను మొదటిసారి చదివేటప్పుడే వెనక నుంచి తెచ్చుకుంటుంది కాబట్టి డంప్ నెమ్మదిగా నడుస్తుంది. కొన్ని గంటలు కేటాయించండి.

```
D=labs-$(date +%F)
pg_dump -h "$TMP_DB" -U backup -d loans -Fd -j 4 -f "/backup/$D"
tar cf - -C /backup "$D" | age -r "$PUBKEY" > "/out/$D.tar.age"
rclone copy /out gcs:exit-copy/db --gcs-bucket-policy-only --gcs-no-check-bucket
```

ఇందులో `copy` బదులు `sync` రాయకండి. ఇటు ఫైలు పోతే `sync` అటు కూడా తీసేస్తుంది, కాపీ ఉంచుకున్న ఉద్దేశమే పోతుంది. గూగుల్ వైపు ఈ స్క్రిప్టుకి ఇచ్చే సర్వీస్ అకౌంటుకి `roles/storage.objectCreator`, `roles/storage.objectViewer` మాత్రమే ఇవ్వండి, డిలీట్ చేసే హక్కు వద్దు. బకెట్‌కి రిటెన్షన్ పాలసీ కూడా పెట్టండి, 14 రోజులు చాలు. అప్పుడు మీ ఏడబ్ల్యూఎస్ అకౌంటు ఎవరి చేతిలో పడినా ఆ కాపీని చెరపలేరు. గూగుల్ అకౌంటుకి వేరే ఈమెయిల్, వేరే కార్డు, వీలైతే వేరే అడ్మిన్ ఉండాలి. ఆ ఈమెయిల్ మీ కంపెనీ డొమైన్ మీద ఉండి, ఆ డొమైన్ ఏడబ్ల్యూఎస్‌లో ఉంటే మళ్లీ మొదటికే వచ్చినట్టు. `age` ప్రైవేట్ కీ రెండు క్లౌడ్‌లలోనూ పెట్టకండి, ఆఫ్‌లైన్‌లో ఇద్దరి దగ్గర ఉంచండి.

కాపీ ఇండియా దాటకూడదు. డిజిటల్ లెండింగ్ డేటా దేశంలోని సర్వర్లలోనే ఉండాలని ఆర్‌బీఐ 2022లోనే చెప్పింది. గూగుల్‌కి ముంబైలో `asia-south1`, ఢిల్లీలో `asia-south2` ఉన్నాయి. ఢిల్లీ తీసుకుంటే ఊరు కూడా మారుతుంది. డాక్యుమెంట్లకు మొదటిసారి 20 టీబీ మొత్తం, తర్వాత రోజూ కొత్తవి మాత్రం పంపండి. పాతవి గ్లేసియర్ డీప్ ఆర్కైవ్‌కి తోసి ఉంటే ముందు వాటిని వెనక్కి తెప్పించాలి, దానికి 12 నుంచి 48 గంటలు పడుతుంది.

దీని ఖర్చు: కుదించిన డంప్ 130 జీబీ అనుకుంటే నెలకు 3.9 టీబీ, బయటికి పంపే ఛార్జీ 426 డాలర్లు, అంటే 37 వేల పైచిలుకు. కొత్త డాక్యుమెంట్లు నెలకు 400 జీబీ అయితే ఇంకో నాలుగు వేలు. గూగుల్ స్టాండర్డ్ స్టోరేజీ జీబీకి సుమారు 2.3 సెంట్ల చొప్పున 20 టీబీకి 41 వేలు, 14 రోజుల డంప్‌లకు నాలుగు వేల లోపు. తాత్కాలిక ఇన్‌స్టాన్స్‌తో కలిపి నెలకు 90 వేలు, ఏడాదికి 11 లక్షల లోపు. 75 లక్షల పక్కన పెట్టి బోర్డుకి చూపించాల్సిన అంకె ఇదే. దీనితో వచ్చే హామీ ఎంతో కూడా దాచకుండా చెప్పండి: ఏడబ్ల్యూఎస్ అకౌంటే పోయిన రోజున, అంత అరుదైన రోజున, గరిష్ఠంగా ఒక రోజు, దాని మీద డంప్‌కి పట్టే కొన్ని గంటల ఎంట్రీలు పోతాయి. అది కూడా ఒప్పుకోని క్లయింటు ఉంటే అప్పుడు లాజికల్ రెప్లికేషన్ గురించి ఆలోచించండి. దానికి అప్రమత్తత ఎక్కువ కావాలి. అవతలి వైపు ఆగిపోతే ఇవతల రెప్లికేషన్ స్లాట్ మార్పులు రాసుకునే లాగ్ ఫైళ్లను, అంటే WAL ఫైళ్లను, పట్టుకుని కూర్చుంటుంది, డిస్క్ నిండి ప్రొడక్షనే ఆగిపోతుంది. `max_slot_wal_keep_size` పెట్టకుండా, స్లాట్ వెనకబడితే మోగే అలర్ట్ లేకుండా దాన్ని మొదలుపెట్టొద్దు.

డేటా బయటికి వచ్చినా తెరుచుకోకపోతే లాభం లేదు. మీ కోడ్‌లో ఆధార్, ఫోన్ నంబర్ల లాంటి కాలమ్‌లను కేఎంఎస్ పిలిచి ఎన్‌క్రిప్ట్ చేస్తున్నారేమో వెతకండి. లోన్ సాఫ్ట్‌వేర్‌లో ఇది సర్వసాధారణం. కేఎంఎస్‌లో పుట్టిన కీ ఎప్పటికీ బయటికి రాదు, దాని భద్రత అంతా అందులోనే ఉంది. డంప్‌లో ఆ కాలమ్‌లు ఎన్‌క్రిప్ట్ అయ్యే వస్తాయి. అకౌంటు లేని రోజున అవి చెత్తతో సమానం. ఎస్3 తనంతట తాను చేసే కేఎంఎస్ ఎన్‌క్రిప్షన్‌తో ఈ గొడవ లేదు, ఫైలు చదివేటప్పుడే అది తెరిచి ఇస్తుంది. మీ కోడ్ చేసే ఎన్‌క్రిప్షన్‌కి పరిష్కారం డేటా కీని రెండు తాళాలతో మూయడం: ఒకటి కేఎంఎస్‌ది, రెండోది మీ సొంత ఆర్‌ఎస్‌ఏ కీ. ఏడబ్ల్యూఎస్ ఎన్‌క్రిప్షన్ ఎస్‌డీకేలో మల్టీ-కీరింగ్ అని ఇందుకే ఉంది. కొత్త రాతలకు వెంటనే పెట్టండి, పాత రోలను నెమ్మదిగా బ్యాచుల్లో తిరగరాయండి.

తర్వాత కాగ్నిటో. అందులోని పాస్‌వర్డ్ హ్యాష్‌లను ఎక్స్‌పోర్ట్ చేసే దారి లేదు. తీరిగ్గా మారే అవకాశం ఉంటే కొత్త లాగిన్ సిస్టమ్ మొదటిసారి పాస్‌వర్డ్‌ని కాగ్నిటోకి పంపి సరిచూసుకుని, సరైతే తన హ్యాష్ రాసుకుంటుంది. రెండు మూడు నెలల్లో చాలామంది అలా మారిపోతారు. అకౌంటు అప్పటికే లేకపోతే మాత్రం 9 వేల మందీ ఓటీపీతో కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవాల్సిందే. అది పెద్ద కష్టం కాదు, వాళ్ల ఫోన్ నంబర్లు మీ డేటాబేస్‌లో ఉంటే. అసలు చిక్కు `sub` అనే ఐడీతో. దాన్ని కాగ్నిటోనే పుట్టిస్తుంది, ఇంకోచోట అదే ఐడీ ఇస్తుందని లేదు. మీ టేబుళ్లలో "ఈ వసూలు ఎవరు చేశారు" అన్నచోట `sub` రాసి ఉంటే మారే రోజున మొత్తం లెక్కలు తెగిపోతాయి. మీ సొంత `user_id` పెట్టుకుని, `sub` ఒక్క మ్యాపింగ్ టేబుల్లో మాత్రమే ఉండేలా చేయండి.

డాక్యుమెంట్ల విషయంలో కూడా ఇలాంటిదే ఒకటి పరీక్షించండి:

```
SELECT count(*) FROM documents WHERE url LIKE '%amazonaws.com%';
```

సున్నా రాకపోతే, ఎవరో ఫైలు పేరు బదులు పూర్తి ఎస్3 చిరునామా రాసేశారన్నమాట. లక్షల రోలు ఉండొచ్చు. ఫైలు కీ మాత్రమే ఉంచి, చిరునామాని చూపించే సమయంలో కోడ్ కట్టేలా మార్చండి. అలాగే ఏజెంట్ల ఫోన్ యాప్‌లో `execute-api` ఉన్న చిరునామా నేరుగా రాసి ఉందేమో చూడండి. పల్లెల్లో పాత వెర్షన్ యాప్ నెలల తరబడి అలాగే ఉంటుంది, దాన్ని బలవంతంగా మార్చలేరు. మీ డొమైన్ పేరుతోనే పిలవాలి. ఆ డొమైన్ రిజిస్ట్రేషన్, డీఎన్‌ఎస్ ఏడబ్ల్యూఎస్ అకౌంటు బయట ఉండాలి. లేదంటే అకౌంటు లాక్ అయిన రోజున ట్రాఫిక్‌ని కొత్త చోటికి తిప్పే స్విచ్ కూడా లోపలే ఉండిపోతుంది. టెర్రాఫామ్ స్టేట్, కంటైనర్ ఇమేజ్‌లు, సీక్రెట్‌లు కూడా ఇలా మర్చిపోయేవే. డంప్‌తో పాటు వాటినీ ఎన్‌క్రిప్ట్ చేసి పంపండి.

ఎస్‌క్యూఎస్ గురించి ఒక మాట. "క్యూ మీద ఒక పొర రాసేస్తే ఏ క్లౌడ్ అయినా ఒకటే" అంటారు. ఫంక్షన్ పేర్లు ఒకటే చేయొచ్చు గానీ ప్రవర్తన ఒకటి కాదు. ఎస్‌క్యూఎస్‌లో ఒక మెసేజ్‌ని 12 గంటల వరకు దాచి ఉంచొచ్చు. గూగుల్ పబ్‌సబ్‌లో ఒకసారి ఇచ్చే గడువు గరిష్ఠంగా 600 సెకన్లు, మధ్యలో పొడిగించుకుంటూ పోవాలి. పొడిగించకపోతే అదే పని రెండుసార్లు జరుగుతుంది, మీ దగ్గరైతే ఒకే వసూలు రసీదు రెండుసార్లు వెళ్తుంది. ఎస్‌క్యూఎస్‌లో 15 నిమిషాల వరకు ఆలస్యం పెట్టొచ్చు, పబ్‌సబ్‌లో ఆ సౌకర్యం లేదు. పొర రాయడం కంటే పనులను ఇడెంపొటెంట్‌గా, అంటే రెండుసార్లు నడిచినా ఫలితం ఒక్కసారే ఉండేలా, మార్చడం మేలు: మెసేజ్‌లో ఐడీ మాత్రమే ఉంచి, ఆ పని అయిపోయిందా అని డేటాబేస్‌లో చూసుకుని మొదలుపెట్టాలి. మీ పనుల సంఖ్య సెకనుకి పదుల్లోనే ఉంటే క్యూని పోస్ట్‌గ్రెస్‌లోనే పెట్టుకోవచ్చు, `FOR UPDATE SKIP LOCKED` దానికి సరిపోతుంది. అప్పుడు క్యూ కూడా డంప్‌తో పాటే వచ్చేస్తుంది. లాంబ్డాల్లో అసలు పని చేసే కోడ్‌ని హ్యాండ్లర్ నుంచి విడదీసి మామూలు ఫంక్షన్లుగా ఉంచండి, అంతకు మించి ఇప్పుడు కదపొద్దు.

కుబర్నెటిస్‌కి ఈ కారణంతో వెళ్లకండి. రెండు క్లౌడ్‌ల మధ్య నిజంగా కదిలేది కంటైనర్ ఇమేజ్, అది మీకు ఫార్గేట్‌లో ఇప్పటికే ఉంది. కుబర్నెటిస్‌లో ఉన్నా డిస్క్ డ్రైవర్లు, లోడ్ బ్యాలెన్సర్ సెట్టింగులు, పాడ్‌కి క్లౌడ్ పర్మిషన్ ఇచ్చే పద్ధతి ప్రొవైడర్‌ని బట్టి మారతాయి. మా లెక్కలో నాలుగు మనిషి-నెలలు వేసిన భాగం అదే, అది తగ్గదు. ఈకేఎస్ కంట్రోల్ ప్లేన్ గంటకు 10 సెంట్లు, అది చిన్నదే. ఒక్కో వెర్షన్‌కి మామూలు సపోర్ట్ 14 నెలలు, దాటితే గంటకు 60 సెంట్లవుతుంది. ఆ అప్‌గ్రేడ్ల వెంట పరిగెత్తడం ఆరుగురి టీమ్‌కి నిజమైన భారం.

పైన చెప్పిన సర్దుబాట్లన్నీ కలిపి మూడు మనిషి-నెలల పని. అవి అయ్యాక 14 నెలల అంచనా 10కి దిగుతుంది. దానికంటే ముఖ్యంగా అకౌంటు లేకపోయినా వెళ్లగలిగే స్థితికి వస్తారు.

అది నిజమో కాదో రిహార్సల్‌లో తేలుతుంది. గూగుల్‌లో ఖాళీ ప్రాజెక్ట్ తెరవండి, ఏడబ్ల్యూఎస్ లాగిన్ ఎవరూ వాడకూడదు. గడియారం మొదలుపెట్టి డంప్ రిస్టోర్ చేసి, ఒక కంటైనర్ లేపి, ఒక లోన్ ఫైలు తెరిచి, అందులో ఫోన్ నంబర్, స్కాన్ కాపీ కనిపించేదాకా వెళ్లండి. మొదటిసారి దాదాపు తప్పకుండా ఎదురయ్యేవి: `role "..." does not exist` అన్న ఎర్రర్లు, ఎందుకంటే `pg_dump` రోల్స్‌ని తీసుకురాదు. రిస్టోర్‌లో `--no-owner --no-privileges` ఇచ్చి రోల్స్ విడిగా సృష్టించుకోండి. `aws_s3` లాంటి ఎక్స్‌టెన్షన్ వాడి ఉంటే అక్కడ దొరకదు, దాన్ని పిలిచే కోడ్ ఏదో అప్పుడే తెలుస్తుంది. టెర్రాఫామ్ ఫైళ్లు ఇక్కడ అక్కరకు రావు, `aws_` తో మొదలయ్యే రిసోర్సులన్నీ గూగుల్‌కి కొత్తగా రాయాల్సిందే. ఆ రాసినవి పారేయకుండా రెపోలో ఉంచితే రెండో రిహార్సల్ సగం సమయంలో అవుతుంది. పట్టిన గంటలు, ఆగిన చోట్లు రాసిన ఆ కాగితమే ఆడిటర్‌కి ఇవ్వాల్సిన జవాబు.

రెండు క్లౌడ్‌లు సరైన సందర్భాలు లేకపోలేదు. మీ రిపోర్టుల పనిని బిగ్‌క్వెరీలో చేసుకోవాలనిపిస్తే చేసుకోండి. అది విడి పని, ఆగినా వసూళ్లు ఆగవు. ఒక క్లయింటు తన సొంత అజూర్ అకౌంటులోనే నడపమని కాంట్రాక్టులో రాస్తే, దానికయ్యే మనుషుల ఖర్చు ధరలో కలిపి ఒప్పుకోండి.

చివరగా, అందరూ టెక్నాలజీలో వెతికే లాక్-ఇన్ కాంట్రాక్టులో కూడా ఉంటుంది. మూడేళ్ల సేవింగ్స్ ప్లాన్ డిస్కౌంట్ ఎక్కువగా కనిపిస్తుంది గానీ, మధ్యలో వెళ్లిపోయినా మిగతా కాలానికి కట్టాల్సిందే. మీ ఫార్గేట్, లాంబ్డా వాడకంలో ఎప్పుడూ తగ్గని భాగానికి మాత్రమే, అదీ ఏడాది కాలానికి, ముందస్తు చెల్లింపు లేకుండా తీసుకోండి. గడువు తేదీని మీ రిహార్సల్ తేదీకి ఒక నెల తర్వాత పడేలా చూసుకుంటే, రెన్యూవల్ మాటలకు కూర్చునే ముందే వెళ్లడానికి ఎంతవుతుందో తాజా అంకె మీ చేతిలో ఉంటుంది.